కొత్త బ్యాండ్‌కు మొదటి ప్రదర్శన అడుగుతూ కేఫ్ యజమానికి లేఖ రాయడం ఎలా

విజయనగరంలో సొంతంగా పాటలు కట్టుకున్న ఒక కొత్త బ్యాండ్ మొదటిసారి జనం ముందు వాయించడానికి ఆనందగజపతి ఆడిటోరియం వంటి పెద్ద హాలు కన్నా ముప్పై కుర్చీల కేఫ్ మేలు. హాలుకు అద్దె కట్టడం, దాన్ని జనంతో నింపడం రెండూ బ్యాండ్ నెత్తిమీదే పడతాయి. కేఫ్‌లో కుర్చీలు, దీపాలు, కొంతమంది మనుషులు ముందే ఉంటారు కాబట్టి అడగవలసింది ఒక సాయంత్రంలో ముప్పావు గంట మాత్రమే. అయితే దాన్ని అడుగుతూ కుర్రవాళ్లు రాసే లేఖ చాలాసార్లు ఇలా ఉంటుంది: "మేము నలుగురం స్నేహితులం, సంగీతమంటే మాకు ప్రాణం, ఎంతో కాలంగా కష్టపడుతున్నాం, దయచేసి మాకు ఒక్క అవకాశం ఇవ్వండి."

ఇందులో అబద్ధమేమీ లేదు. కాని ఏ రోజు, ఎంతసేపు, ఎంత శబ్దం, ఎవరి ఖర్చు అన్న నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఇది జవాబు చెప్పదు. అవన్నీ యజమానే ఆలోచించుకోవాలి, ఆయనే అడగాలి. కౌంటర్ దగ్గర బిల్లులు వేసుకుంటున్న మనిషికి అంత తీరిక ఉండదు గనుక "చూద్దాంలే" అంటారు, విషయం అక్కడితో ఆగిపోతుంది. ఆ ఆలోచనంతా మీరే ముందుగా చేసి, ఆయనకు సరే అనడమో కాదనడమో మాత్రమే మిగిల్చే లేఖ ఎలా రాయాలో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

రింగు రోడ్డు వైపు ఒక కేఫ్ ఉందనుకోండి. కింది అంతస్తులో ఒకే హాలు, ముప్పై రెండు కుర్చీలు, పైన అద్దెకున్న కుటుంబాలు. మీ బ్యాండ్‌లో నలుగురు: పాడుతూ అకూస్టిక్ గిటారు వాయించే ఒకరు, ఎలక్ట్రిక్ గిటారు మీద మీరు, బేస్ గిటారు మీద ఒకరు, తాళానికి ఒకరు. చేతిలో ఏడు సొంత తెలుగు పాటలున్నాయి.

కలం పట్టేముందు కేఫ్‌కు వెళ్లి కూర్చోండి

లేఖలో రాయవలసిన విషయాల్లో సగం ఆ కేఫ్‌లోనే దొరుకుతాయి. వారం మధ్యలో ఒక సాయంత్రం, వారాంతంలో ఒక సాయంత్రం వెళ్లి కాఫీ తాగుతూ గమనించండి. ఏ రోజు ఏ వేళకు ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయో, పాటలు వినిపించడానికి అక్కడ స్పీకర్లేమైనా ఉన్నాయో లేదో, నలుగురు కూర్చుని వాయించడానికి ఎన్ని టేబుళ్లు జరపవలసి వస్తుందో చూసుకోండి. నలుగురికి సుమారు పది అడుగుల పొడవు, ఏడెనిమిది అడుగుల వెడల్పు ఉంటే చాలు. ఆ చోటు వంటగది దారికీ బాత్రూమ్ దారికీ అడ్డు కాకూడదు. కౌంటర్‌లో కూర్చున్న వ్యక్తే యజమాని అనుకోవద్దు. "ఓనరు గారు ఎప్పుడుంటారండీ" అని అడిగి పేరు, వేళ తెలుసుకోండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినవి ప్లగ్గులు. గిటారు తీగలు కేబుల్ ద్వారా ఆంప్ లోహపు చట్రానికి కలిసి ఉంటాయి. మైక్ జాలీ మిక్సర్ చట్రానికి కలిసి ఉంటుంది. ఆంప్ ఒక గోడ ప్లగ్గు మీద, మిక్సర్ ఇంకో గోడ ప్లగ్గు మీద ఉండి, వాటిలో ఒకదానికి ఎర్త్ సరిగా లేదనుకుందాం. తీగల మీద చెయ్యి ఉంచి పాడుతున్న మనిషి పెదవి మైక్‌కు తగిలిన క్షణంలో షాక్ కొట్టవచ్చు. ఒక్కోసారి అది చిన్న చురుకుతో పోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని సామానంతా ఎర్త్ ఉన్న ఒకే ప్లగ్గు నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపాలి. మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ తీగ ఉందని కాదు; పాత భవనాల్లో అది ఉత్త రంధ్రమే కావచ్చు. ఒప్పుదల దొరికాక ఒక ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లి, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టించి, అది నిండుగా వెలుగుతుందో లేదో చూపించుకోండి. మసకగా వెలిగినా, అసలు వెలగకపోయినా ఆ ప్లగ్గును వాడవద్దు. ఫ్రిజ్ ఉన్న లైను మీద కూడా పెట్టుకోకపోవడం మంచిది. కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ స్పీకర్‌లో టప్పుమంటుంది.

రోజును మీరే ఎంచుకోండి

"మీకు వీలైన ఏ రోజైనా సరే" అని రాయడం మర్యాదగా కనిపిస్తుంది గాని, యజమానికి అది పని పెట్టడమే. రెండు తేదీలు చెప్పి వాటిలో ఒకటి ఎంచుకోమనాలి. శుక్ర, శని, ఆదివారాలు అడగవద్దు. ఆ రోజుల్లో కుర్చీలు ఎలాగూ నిండుతాయి; మీ స్నేహితులు వచ్చి ఒక్క కాఫీతో రెండు గంటలు కూర్చుంటే రోజూ వచ్చి భోజనం చేసే కుటుంబం వెనక్కి పోతుంది, ఆ నష్టం మీ ఖాతాలోకే వెళుతుంది. మన ఉదాహరణలోని కేఫ్‌లో గురువారం సాయంత్రం ఆరున్నరకు పది పన్నెండు మందికి మించి లేరని గమనించారు కాబట్టి, అడగవలసింది గురువారమే.

ఊరి క్యాలెండరు కూడా చూసుకోవాలి. దసరా తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ వారమంతా ఊరు జనంతో కిటకిటలాడుతుంది, ఏ హోటలుకూ గిరాకీ వెతుక్కునే అవసరం ఉండదు, బయట మైకుల హోరులో మీ పాట వినిపించదు. పరీక్షల రోజుల్లో విద్యార్థులు రారు. డాబా మీద వాయించాలన్న ఆలోచన ఉంటే అక్టోబరు, నవంబరు తుపానుల నెలలని మరచిపోవద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి.

వేళ విషయంలో నా సలహా ఆరున్నర నుంచి ఏడుంపావు వరకు. హాస్టల్ గేటు మూయకముందే పిల్లలు వెళ్లిపోగలరు, నెల్లిమర్ల, గజపతినగరం వైపు వెళ్లేవారికి బస్సు దొరుకుతుంది, రాత్రి భోజనాల గిరాకీ మొదలయ్యేసరికి మీ సామాను సర్దేయవచ్చు. గంటన్నర అడగాలని అనిపిస్తుంది, అడగవద్దు. ఏడు పాటలు, మధ్యలో శ్రుతి సరిచూసుకోవడం, రెండు ముక్కల మాటలు కలిపితే నలభై నిమిషాలకు సరిపోతుంది. ఇంకాసేపు వాయిస్తే బాగుండునని ఆయనకు అనిపించడం మీకే లాభం.

ఎంతమంది వస్తారో నిజం రాయండి

యజమాని మొట్టమొదట చూసేది ఈ అంకెనే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎంతమంది అనుసరిస్తున్నారన్నది ఇక్కడ పనికిరాదు; వారిలో ఎక్కువమంది విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటారు. నలుగురూ కూర్చుని పేర్లు రాయండి. గురువారం సాయంత్రం, ఆ ఊళ్లోనే ఉండి, సొంత డబ్బుతో కాఫీ కొనుక్కోగల వాళ్ల పేర్లే రాయాలి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగండి. నలభై పేర్లు తేలి, ముప్పై మంది వస్తామన్నారనుకుందాం. లేఖలో పద్దెనిమిది అని రాయండి. వస్తామన్నవారిలో కొందరు ఎప్పుడూ రారు. రాసినదాని కన్నా నలుగురు ఎక్కువ వస్తే మీ మాటకు విలువ పెరుగుతుంది, పదిమంది తక్కువైతే రెండోసారి అడిగే ముఖం ఉండదు.

పైగా ముప్పై రెండు కుర్చీల్లో రోజూ వచ్చే పన్నెండు మందిని తీసివేస్తే మిగిలేది ఇరవై. పద్దెనిమిది మంది అంటే హాలు నిండినట్టే. తలకు నూట యాభై రూపాయల బిల్లు వేసుకున్నా ఖాళీగా పోయే సాయంత్రం మీద ఆయనకు రెండువేల ఏడువందలు అదనంగా వస్తాయి. ఈ లెక్కను మాత్రం లేఖలో రాయవద్దు. ఆయన వ్యాపారం లెక్క ఆయనకు మీరు చెబితే బాగుండదు. మనుషుల సంఖ్య ఇస్తే గుణించుకోవడం ఆయనకు వచ్చు.

శబ్దం గురించిన పేరా: లేఖలో ఇదే కీలకం

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో హోటలు నడిపే మనిషికి "మ్యూజిక్ ప్రోగ్రాం" అనగానే గుర్తొచ్చేది పెళ్లి బ్యాండో, జాతరలో ఆర్కెస్ట్రానో, ఊరేగింపులో డీజే బాక్సులో. ఆ హోరును తన హాలులో, పైన కాపురముంటున్న కుటుంబాల కింద ఊహించుకుంటారు. ఆయన వద్దనడానికి సగం కారణం ఇదే, కాని ఆ మాట మీతో అనరు. కాబట్టి ఆయన అడగకముందే లేఖలో దీనికి జవాబు ఉండాలి, అది "ఎక్కువ శబ్దం చేయం" అనే హామీ రూపంలో కాక, మీరు ఏం తెస్తున్నారు, ఏం తేవడం లేదు అనే వివరంగా ఉండాలి.

పూర్తి డ్రమ్ సెట్టు తేవద్దు. చిన్న గదిలో స్నేర్, సింబల్స్ శబ్దం మైక్ లేకుండానే అన్నిటినీ మింగేస్తుంది. దానికి దీటుగా గాయకుడి మైక్ పెంచాలి, దానితో గిటారు పెంచాలి, పది నిమిషాల్లో హాలు మోతెక్కిపోతుంది. కహోన్ అనే చెక్కపెట్టె మీద కూర్చుని చేతులతో వాయిస్తే తాళం చక్కగా నిలబడుతుంది, మిగతావన్నీ తగ్గుతాయి. మీ ఎలక్ట్రిక్ గిటారుకు పదిహేను ఇరవై వాట్ల చిన్న ఆంప్ చాలు. దాన్ని జనం మోకాళ్లవైపు కాక, కుర్చీ మీద వెనక్కి వంచి మీ చెవివైపు తిప్పి పెట్టుకోండి. చాలామంది గిటారిస్టులు తమకు వినపడక పెంచుతూ పోతారు, ఆంప్ ఎదురుగా కూర్చున్నవాళ్లు చెవులు మూసుకుంటారు. బేస్ ఆంప్‌ను నేలమీద పెట్టవద్దు. కింది స్వరాలు నేల, గోడల ద్వారా పైఅంతస్తుకు పాకుతాయి. హాలులో బాగానే ఉందనిపించినప్పుడే పైన గిన్నెలు గణగణలాడుతుంటాయి. గట్టి స్పాంజి మీదో కుర్చీ మీదో పెట్టి, బేస్ నాబ్ తగ్గించి, మీలో ఒకరు పైకి వెళ్లి విని రావాలి.

శబ్దం సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. మీరు వాయిస్తుండగా, అన్నిటికన్నా దగ్గరి టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి గొంతు పెంచకుండా ఆర్డరు చెబితే సర్వరుకు అర్థం కావాలి. కాకపోతే తగ్గించాలి. ఈ పరీక్షనే లేఖలో రాయండి. డెసిబెల్ లెక్కలు ఏ యజమానికీ పట్టవు గాని, ఆర్డర్లు తప్పుగా రాయబడితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు.

చట్టం సంగతి కూడా ఒక్క వాక్యంలో చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పగలైనా లౌడ్‌స్పీకరుకు అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలని అవే నియమాలు చెబుతున్నాయి. డాబా మీదో ఆరుబయటో అయితే ముందుగా పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వవలసిందే. హాలు లోపలైనా స్టేషన్‌లో ఒకసారి కనుక్కోవడం మంచిది. ఆ దరఖాస్తు మీరే రాసి, ఆయన సంతకం కోసం తెస్తామని లేఖలో ఉంటే ఆయనకు ఒక తిరుగుడు తప్పుతుంది.

పాటలు మీవేనని ఎలా రాయాలి

సొంత పాటలు కావడం మీకు గర్వకారణమైతే యజమానికి అది అనుమానం: తెలియని పాటలు ఎవరు వింటారు? దీన్ని పొగడ్తలతో తీర్చలేరు. ఒక పాటను వాట్సాప్‌లో వినిపిస్తే తీరుతుంది. కాని సొంత పాటల వల్ల ఆయనకు ఒక స్పష్టమైన లాభం ఉంది, దాన్ని చాలా బ్యాండ్లు చెప్పవు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఇతరుల పాటలను హోటలు వంటి చోట ప్రదర్శించాలంటే హక్కుదారుల లైసెన్సు కావాలి. సాహిత్యం, బాణీల తరఫున ఐపీఆర్ఎస్ వంటి సంస్థలు ఆ రుసుము వసూలు చేస్తాయి. రాసింది, బాణీ కట్టింది మీరే అయి, ఆ హక్కులు ఎవరికీ రాసివ్వకుండా ఉంటే, మీ పాటలకు అనుమతి ఇవ్వవలసింది మీరే, ఆయన ఎవరికీ రుసుము కట్టనవసరం లేదు. మీలో ఎవరైనా అలాంటి సంస్థలో సభ్యులైతే మాత్రం ఈ మాట రాయకూడదు. పాట రాసింది బ్యాండ్‌లో లేని స్నేహితుడైతే అతని దగ్గర రెండు వాక్యాల అంగీకారపత్రం తీసుకోండి.

ఈ ప్రాంతంలో ఒక పొరపాటుకు ఎక్కువ అవకాశం ఉంది. సొంత పాటల మధ్య ఒక "జానపదం" వేద్దామనిపిస్తుంది. ఉత్తరాంధ్రలో జానపదాలుగా అందరి నోళ్లలో ఉన్న పాటల్లో కొన్నిటికి రచయితలున్నారు. ఉదాహరణకు, అలాంటి పాటలు రాసిన వంగపండు ప్రసాదరావు 2020లో కన్నుమూశారు. రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుంచి అరవై ఏళ్లపాటు హక్కులు ఉంటాయి గనుక ఆయన పాటలు 2080 చివరి వరకు కాపీరైట్‌లోనే ఉంటాయి. ఎవరు రాశారో తేల్చుకోలేని పాటను మొదటి ప్రదర్శన జాబితాలోంచి తీసేయండి.

డబ్బు మాట దాటవేయవద్దు

డబ్బు గురించి ఏమీ రాయకపోతే యజమాని రెండు విధాలుగా భయపడవచ్చు: చివరిలో ఏదో అడుగుతారేమోనని, లేదా ఊరికే వచ్చినవాళ్లు మధ్యలో మాట తప్పుతారేమోనని. "ఈ మొదటి ప్రదర్శనకు పారితోషికం అడగడం లేదు" అని రాయండి. "ఈ మొదటి" అన్న మాట తప్పక ఉండాలి. అది లేకపోతే నాలుగోసారి కూడా ఉచితమేననుకుంటారు. ప్రవేశ రుసుము పెట్టవద్దు. కాఫీకి వచ్చినవాళ్లను తలుపు దగ్గర ఆపి డబ్బడిగితే నష్టం కేఫ్‌కే. మీరు తాగిన టీ, తిన్న టిఫిన్ల బిల్లు మీరే కడతామని రాయండి. ఇస్తామంటే తీసుకోవచ్చు, అడగడం మాత్రం వద్దు.

స్పీకర్లు లేని కేఫ్ అయితే సౌండ్ సర్వీసు వాళ్ల దగ్గర రెండు చిన్న బాక్సులు, స్టాండ్లు, చిన్న మిక్సర్, రెండు మైకులు అద్దెకు తెచ్చుకుని, ఆ ఖర్చు మీదని రాయాలి. అక్కడ "ప్రోగ్రాం" అనే మాట వాడితే అలవాటు కొద్దీ జాతర బాక్సులు వ్యాన్‌లో వేసుకొస్తారు; హాలు కొలత చెప్పి, ఏవి కావాలో మీరే వేలుపెట్టి చూపించండి.

ఇప్పుడు లేఖ

ఒకే పేజీ, తెలుగులో, కాగితం మీద. చేతిరాత బాగుంటే చేత్తో రాయండి, లేకపోతే టైపు చేయించండి. గౌరవంగా మీరు, గారు అంటే చాలు. పరిచయం లేని మనిషిని లేఖలో అన్నయ్యా అని పిలవడం, "మీ పాదపద్మములకు" అనడం రెండూ వద్దు. మన ఉదాహరణకు లేఖ ఇలా ఉండవచ్చు. పేర్లు, ఫోన్ నంబరు ఉండవలసిన చోట చుక్కలు పెట్టాను.

విజయనగరం,
నవంబరు 2.

శ్రీ ………… గారికి,
నమస్కారం.

నా పేరు ………. దాసన్నపేటలో ఉంటున్నాను, డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను, గిటారు వాయిస్తాను. మేము నలుగురం కలిసి ………… అనే బ్యాండ్ పేరుతో సొంత తెలుగు పాటలు పాడుతున్నాం. నవంబరు 19 గురువారం గాని, 26 గురువారం గాని, సాయంత్రం 6:30 నుంచి 7:15 వరకు మీ కేఫ్‌లో వాయించడానికి అనుమతి కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇది మా మొదటి ప్రదర్శన.

ఆ సాయంత్రం మా తరఫున పద్దెనిమిది మంది వస్తారు. వారందరితో ఫోన్‌లో మాట్లాడాను. వారు ఎవరి బిల్లు వారు కట్టుకుంటారు.

మేము డ్రమ్ సెట్టు తీసుకురావడం లేదు. రెండు గిటార్లు, ఒక బేస్ గిటారు, చేతులతో వాయించే ఒక చెక్కపెట్టె, పాడటానికి రెండు మైకులు మాత్రమే ఉంటాయి. దగ్గరి టేబుల్ వారు మామూలు గొంతుతో ఆర్డరు చెప్పగలిగేంత శబ్దంలోనే వాయిస్తాం. పై అంతస్తు వారికి ఇబ్బంది ఉందో లేదో మొదలుపెట్టే ముందు మేమే వెళ్లి కనుక్కుంటాం. మీరు కౌంటర్ దగ్గర నుంచి చెయ్యి ఎత్తితే ఆ పాటలోనే తగ్గిస్తాం. పోలీస్ స్టేషన్‌లో అనుమతి అవసరమైతే దరఖాస్తు రాసి మీ సంతకం కోసం తెస్తాను.

కిటికీ పక్కనున్న రెండు టేబుళ్లు జరిపితే మాకు చోటు సరిపోతుంది. ప్రదర్శన ముగిసిన ఇరవై నిమిషాల్లో తిరిగి వేసేస్తాం. ఎర్త్ ఉన్న ఒక్క ప్లగ్గు ఇస్తే చాలు, దాన్ని ఒక ఎలక్ట్రీషియన్‌తో ముందుగా చూపించుకుంటాం. మా సామాను మొత్తం వాడే కరెంటు ఒక మిక్సీ వాడకాన్ని మించదు. కరెంటు పోతే మైకులు లేకుండానే వాయిస్తాం. ఐదింటికి వచ్చి అరగంటలో శబ్దం సరిచూసుకుంటాం.

సాహిత్యం, బాణీలు అన్నీ మేమే కట్టినవి. సినిమా పాటలు ఉండవు కనుక పాటల హక్కుల కోసం మీరు ఎవరికీ రుసుము కట్టవలసిన అవసరం రాదు. ఈ మొదటి ప్రదర్శనకు మేము పారితోషికం అడగడం లేదు. స్పీకర్ల అద్దె, రవాణా, మా కాఫీ, టిఫిన్ల ఖర్చు మాదే.

మా పాట ఒకటి, నిమిషంన్నర నిడివి వీడియో, మీ వాట్సాప్‌కు పంపుతాను. ఆదివారం మధ్యాహ్నం వచ్చి కలుస్తాను; ఏ గురువారం వీలో, లేక వీలుపడదో అప్పుడు చెప్పగలరు.

ఇట్లు,
…………
ఫోన్: …………

ఇందులో మీ మీద ఏయే బ్యాండ్ల ప్రభావం ఉందన్న జాబితా లేదు, నలుగురి జీవిత చరిత్రలు లేవు. మీలో ఎవరైనా ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదువుకుంటుంటే ఆ ఒక్క మాట మొదటి పేరాలో చేర్చండి. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా నడిచిన ఆ కళాశాల పేరు చెబితే మీరు శ్రుతి తెలిసినవాళ్లని ఈ ఊళ్లో వేరే చెప్పనవసరం లేదు. చదవకపోతే ఆ ఊసే ఎత్తవద్దు.

వీడియో, లేఖ అందించడం

ఆ నిమిషంన్నర వీడియోను యజమాని ఎలా వింటారో ఊహించండి: ఫోన్ స్పీకర్‌లో, పక్కన మిక్సీ తిరుగుతుండగా, మొదటి పదిహేను సెకన్లు. ఫోన్ స్పీకర్‌లో బేస్ గిటారు దాదాపు వినపడదు. దానితో మొదలయ్యే పాట పంపితే వీడియో పాడైందనుకుంటారు. గొంతుతో మొదలయ్యే పాటను, నలుగురూ కనిపించేలా, కేఫ్‌లో వాయించబోయే సరంజామాతోనే రిహార్సల్ గదిలో తీయండి. స్టూడియోలో రికార్డు చేసింది పంపితే బాగుంటుంది గాని, దానివల్ల ఆయనకు శబ్దం ఎంతో, మీరు నలుగురు ఎంత చోటు ఆక్రమిస్తారో తెలియదు. లింకు కాక వీడియోనే పంపండి.

లేఖను మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య, కేఫ్ ఖాళీగా ఉండే వేళలో, ఒక్కరే వెళ్లి చేతికివ్వండి. నలుగురూ కలిసి వెళితే చందాలకు వచ్చారనుకుంటారు. ఇచ్చి, "తీరిక చూసుకుని చదవండి, ఆదివారం వస్తాను" అని వచ్చేయండి. ఎదురుగా నిలబడి చదివించవద్దు. వీడియో ఆ సాయంత్రమే పంపండి, తరువాత ఆదివారం వరకు సందేశాలు పెట్టవద్దు.

ఆయన జవాబులు

ఎక్కువగా వచ్చే ప్రశ్న, "సినిమా పాటలు వాయించరేటి బాబూ? నాలుగు కలపండి, జనానికి తెలిసినవి." ఇక్కడే చాలామంది తలూపేస్తారు. ఊపితే రెండు నష్టాలున్నాయి. రుసుము అవసరం రాదని మీరు రాసిచ్చిన మాట తప్పవుతుంది. పైగా వచ్చేసారి నుంచి మీరు ఆయన దృష్టిలో చవకగా దొరికే ఆర్కెస్ట్రా. "ఈసారికి సొంత పాటలేనండి, వాటి నిడివే నలభై నిమిషాలు, నచ్చకపోతే మళ్లీ అడగను" అని నెమ్మదిగా చెప్పండి. ఆయన పట్టుబడితే, ఆ కేఫ్ మీకు సరైన చోటు కాదని తేలినట్టే; నమస్కారం పెట్టి ఇంకో చోటు చూసుకోవచ్చు, శ్రీకాకుళం కూడా దూరమేమీ కాదు.

"చూద్దాంలే" అంటే, "పంతొమ్మిది కుదరదా అండీ, ఇరవై ఆరా?" అని ఒక్కసారి అడగండి. అప్పుడూ తేల్చకపోతే కాదన్నట్టే తీసుకోండి. ఆ అడగడం కూడా ఆదివారం కలిసినప్పుడే, మళ్లీ ఫోన్ చేసి కాదు.

"సరే" అంటే అక్కడే ఆగకూడదు. నోటిమాటగా ఒప్పుకున్నది కౌంటర్‌లో ఉండే కుర్రవాడికి తెలియకపోవచ్చు. ఆ గురువారం ఎవరో అదే హాలును పుట్టినరోజుకు అడిగితే ఇచ్చేస్తాడు. ఇంటికి వచ్చిన వెంటనే యజమానికి వాట్సాప్‌లో ఇలా పంపండి: "నవంబరు 19 గురువారం, 6:30 నుంచి 7:15, కిటికీ పక్క చోటు, ఐదింటికి వస్తాం. పారితోషికం లేదు, స్పీకర్లు మావి. ధన్యవాదాలండీ." ఆయన నుంచి బొటనవేలి గుర్తు వచ్చినా చాలు. ఆ తరువాతే స్పీకర్లకు అడ్వాన్సు ఇవ్వండి, వస్తామన్న ముప్పై మందికీ ఫోన్లు చేయండి. ముందు రోజు, అంటే బుధవారం మధ్యాహ్నం, కేఫ్‌కు వెళ్లి ఆ కౌంటర్ కుర్రవాడికి వేళ చెప్పి, ఎలక్ట్రీషియన్‌తో ప్లగ్గు చూపించుకుని రండి.